ఎల్లుండి పాపకి లెక్కల పరీక్ష, చిన్న చీటీ రాసి పెడదామనుకుంటున్నా. ఇలా రాయొచ్చా?

డ్యూటీ అమ్మ
మా పాప ఆరో తరగతి, ఇంగ్లీష్ మీడియం. ఎల్లుండి లెక్కల ఎఫ్‌ఏ, అందులో భిన్నాలే ఎక్కువ. నాది ఆస్పత్రిలో పొద్దుటి డ్యూటీ. ఆరుంపావుకల్లా బస్సెక్కాలి, అది లేచేసరికి నేను ఇంట్లో ఉండను. అందుకే పరీక్ష రోజు ఒక చీటీ రాసి దాని పెన్సిల్ పౌచ్‌లో పెడదామనుకున్నాను. పోయినసారి స్లిప్ టెస్టులో 20కి 9 వచ్చాయి. ఆ పేపరు రెండు రోజులు బ్యాగు అడుగున దాచింది, సంతకానికి కూడా చూపించలేదు. అప్పటినుంచి మార్కుల మాట ఎత్తకుండా, కష్టపడితే చాలని చెప్పాలని నా తాపత్రయం. రాసింది ఇదీ. మొహమాటం లేకుండా చెప్పండి.

"బంగారుతల్లీ, ఈ రోజు నీ లెక్కల పరీక్ష. అస్సలు టెన్షన్ పడొద్దు. మార్కులు తక్కువొచ్చినా పర్వాలేదు, అమ్మ ఏమీ అనదు. నువ్వు చాలా తెలివైనదానివి, నీకు అన్నీ వచ్చు. పోయినసారిలా తొందరపడకు. ప్రశ్న రెండుసార్లు చదువు. చేతిరాత బాగుండాలి. నువ్వు కష్టపడితే చాలు, ఫలితం దేవుడి దయ. నాన్న, నేను నీ మీద ఎన్నో ఆశలు పెట్టుకున్నాం. ఆల్ ది బెస్ట్. – అమ్మ"

సిరిమల్లె
ఎంత బాగా రాశారండీ, చదువుతుంటే కళ్ళు చెమర్చాయి. ఏమీ మార్చొద్దు. చివర ఒక బొమ్మ వేయండి చాలు.

రావుగారు
లెటరు హెచ్‌ఎం గారి పేరున రాయాలా, క్లాస్ టీచర్ పేరునా అన్నది ముందు కనుక్కోండి. పరీక్ష రోజు సెలవు కావాలంటే మెడికల్ సర్టిఫికెట్ జతచేయాలి. మా మనవడికి మేం అలాగే చేశాం.

డ్యూటీ అమ్మ
రావుగారూ, సెలవు చీటీ కాదండీ. పాప చదువుకోవడానికి నేను రాస్తున్న చీటీ.

ఎమ్మే సైకాలజీ
అక్కా, "నువ్వు చాలా తెలివైనదానివి" అన్న వాక్యం వెంటనే తీసెయ్యండి. 1998లో క్లాడియా మ్యూలర్, కారల్ డ్వెక్ అని ఇద్దరు అమెరికాలో అయిదో తరగతి పిల్లల మీద ప్రయోగాలు చేశారు. పిల్లలకి పజిల్స్ ఇచ్చి, అవి చేశాక కొందరితో "నువ్వు వీటిలో తెలివైనవాడివి" అన్నారు. కొందరితో "నువ్వు బాగా కష్టపడి ఉంటావు" అన్నారు. తర్వాత బాగా కఠినమైన పజిల్స్ ఇచ్చారు, అందరూ తడబడ్డారు. మూడోసారి మళ్ళీ తేలికవి ఇస్తే, తెలివి అనిపించుకున్న పిల్లలు మొదటిసారి కంటే తక్కువ చేశారు, కష్టం అనిపించుకున్నవాళ్ళు ఎక్కువ చేశారు. అంటే పరీక్షకి ముందు కష్టాన్ని మెచ్చుకుంటే మార్కులు పెరుగుతాయని సైన్సే చెప్పింది. "తెలివైనదానివి" బదులు "కష్టపడ్డావు" అని పెట్టండి, సరిపోతుంది.

చాక్‌పీసు మాస్టారు
తమ్ముడు ప్రయోగం సరిగ్గానే చెప్పాడు. తేల్చిన మాటే కొంచెం జారింది. అక్కడ మెచ్చుకున్నది పని అయ్యాక. మన అమ్మాయిగారు రాస్తున్నది పనికి ముందు. పైగా అవి పజిల్స్, బడి పరీక్ష కాదు. తర్వాత వేరేవాళ్ళు మళ్ళీ చేసి చూస్తే అన్నిచోట్లా అదే ఫలితం రాలేదు కూడా. కాబట్టి మార్కులు పెరుగుతాయని ఆశ పెట్టుకుని చీటీ రాయొద్దు. నాకు ఆ ప్రయోగంలో గుర్తుండిపోయింది ఇంకో ముక్క. వేరే బడి పిల్లలకి మీ స్కోరు రాసి పంపండి అన్నప్పుడు, తెలివి అనిపించుకున్న పిల్లల్లో పదికి దాదాపు నలుగురు తమకి వచ్చినదానికంటే ఎక్కువ రాసుకున్నారు. మీ పాప పేపరు బ్యాగు అడుగున దాచింది చూశారా, అదీ ఈ జాతి పనే. తెలివైనదానివన్న పేరు ఒకటి నెత్తిన ఉన్నప్పుడు 9 మార్కుల కాగితం ఎవరికి చూపిస్తుంది?

ఇక మీ చీటీ. నేను జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో 31 ఏళ్ళు లెక్కలు చెప్పాను, కొంచెం ఎర్రసిరా వాడతాను, ఏమీ అనుకోవద్దు.

"మార్కులు తక్కువొచ్చినా పర్వాలేదు" అన్నారు. మార్కుల మాట ఎత్తనంటూనే ఎత్తారు. పదకొండేళ్ళ పిల్ల అది చదివితే, తక్కువొస్తాయని అమ్మ ముందే అనుకుంటోందన్నమాట అని అర్థం చేసుకుంటుంది. "టెన్షన్ పడొద్దు" కూడా అంతే. అప్పటిదాకా పడకపోతే అప్పుడు మొదలవుతుంది. "పోయినసారిలా తొందరపడకు" అంటే ఆ 9 మళ్ళీ కళ్ళముందుకొచ్చింది. "ఎన్నో ఆశలు పెట్టుకున్నాం" అన్నది అన్నిటికంటే బరువైన వాక్యం. పైన పర్వాలేదన్నవన్నీ ఆ ఒక్కటీ కొట్టేస్తుంది.

తమ్ముడు పెట్టమన్న "కష్టపడ్డావు" గురించి కూడా ఒక మాట. మన భాషలో కష్టమంటే శ్రమా, బాధా రెండూనూ. "పాపం బాగా కష్టపడుతుందండీ" అని క్లాసులో ఏ పిల్ల గురించి అంటామో గుర్తు చేసుకోండి. వచ్చే పిల్ల గురించి అనం. పిల్లలకి అది తెలుసు. అందుకని కష్టం, శ్రమ, కృషి, ఈ మాటలన్నీ వదిలేయండి. పాప నిజంగా చేసిన పని ఏదైనా ఒకటి, మీరు కళ్ళారా చూసినది, దాన్నే రాయండి. అలాంటిది ఏదైనా ఉందా?

నవోదయ నాన్న
మాస్టారూ, మీరు చెప్పేది వినడానికి బాగుంది. కానీ మార్కులు వద్దంటే ఎలా? మావాడు అయిదో తరగతి, నవోదయ రాస్తున్నాడు. 80 ప్రశ్నలు, 100 మార్కులు, రెండు గంటలు. ఒక్కో ప్రశ్నకి మార్కుంపావు. ఆ ఒక్క ప్రశ్న తేడాతో సీటు పోయినవాళ్ళని చూశాను. వాడికి "మార్కులు ముఖ్యం కాదు నాన్నా" అని చీటీ రాస్తే అబద్ధం రాసినట్టే.

చాక్‌పీసు మాస్టారు
ఒప్పుకుంటాను. అబద్ధం రాయొద్దు. నేను మార్కులు ముఖ్యం కాదని రాయమనలేదండీ, ఆ మాటే ఎత్తొద్దన్నాను. ముఖ్యమని వాడికి ఆ పొద్దున కొత్తగా చెప్పక్కర్లేదు, ఇంటిల్లిపాదీ ఏడాదిగా చెబుతూనే ఉన్నారు కదా. ఆ రెండు గంటల్లో వాడి చేతిలో ఏముందో అది రాయండి. సీటు వాడి చేతిలో లేదు. రాని ప్రశ్న దగ్గర కూర్చుండిపోకుండా దాటడం వాడి చేతిలో ఉంది. అందులో మైనస్ మార్కులు లేవు కాబట్టి చివర్లో ఖాళీగా ఏదీ వదలకపోవడం వాడి చేతిలో ఉంది. ఓఎంఆర్‌లో ప్రశ్న నంబరు చూసి దిద్దడం ఉంది. మూడిట్లో వాడు తరచూ మరిచేది ఏదో మీకే తెలుసు, అది ఒక్కటి రాయండి.

నవోదయ నాన్న
దాటడు. అదే మావాడి గొడవ. బొమ్మల ప్రశ్నలు వరసగా చేస్తాడు, లెక్క ఒకటి తగిలితే పది నిమిషాలు దాన్నే పట్టుకుంటాడు. రాస్తాను. సీటు సంగతి మీరన్నదానితో మాత్రం పూర్తిగా ఏకీభవించను.

కోదాడ కిరణ్
అందరూ ఏం రాయాలో చెబుతున్నారు, ఎక్కడ పెట్టాలో ఎవరూ చెప్పట్లేదు. దయచేసి పెన్సిల్ పౌచ్‌లో పెట్టకండి! పోయినేడాది మావాడికి, ఏడో తరగతి, నేనూ ఇలాగే చిన్న కాగితం మడిచి జామెట్రీ బాక్సులో పెట్టాను. పరీక్ష మధ్యలో స్కేలు తీస్తుంటే కాగితం కింద పడింది. ఇన్విజిలేటర్ గారు స్లిప్పనుకున్నారు. "ఆల్ ది బెస్ట్ నాన్నా" అని ఉందని విప్పి చూసేలోపే వాణ్ణి లేపి నిలబెట్టారు. పదిహేను నిమిషాలు పోయాయి. తర్వాత ఆయనే నొచ్చుకున్నారనుకోండి. కానీ క్లాసంతా నవ్వింది. వాడు ఇప్పటికీ నన్ను ఏ కాగితమూ పెట్టనివ్వడు.

డ్యూటీ అమ్మ
అమ్మో, ఈ సంగతే తట్టలేదు! మరి ఎక్కడ పెట్టను? వాళ్ళకి పరీక్ష పదింటికి, టిఫిన్ బాక్సు తెరిచేది మధ్యాహ్నం. అప్పటికి పరీక్ష అయిపోతుంది.

సిరిమల్లె
పాల గ్లాసు కింద పెట్టండక్కా. ఇంట్లోనే చదివి ఇంట్లోనే వదిలేస్తుంది.

డ్యూటీ అమ్మ
అవును, అది బాగుంది. పాలు మా అత్తయ్యగారు ఇస్తారు.

మాస్టారూ, మీరడిగినదానికి. మొన్న ఆదివారం కూర్చుని చేయించాను. 2/3 + 1/4 అన్న లెక్క. పైవీ పైవీ కూడి, కిందవీ కిందవీ కూడి 3/7 అని రాసింది. పోయినసారి స్లిప్ టెస్టులోనూ ఇదే తప్పు. నేను తప్పని చెప్పబోయి, సరే చూద్దామని ఊరుకున్నాను. తర్వాతి లెక్కకి వెళ్ళినది మళ్ళీ వెనక్కొచ్చి, "అమ్మా, మూడింట రెండంటే సగం కంటే ఎక్కువ కదా, ఏడింట మూడంటే సగం కూడా లేదు. కూడితే తగ్గిందేంటి?" అంది. తర్వాత ఇద్దరం ఒక కాగితం పట్టీని పన్నెండు గళ్ళు చేసి రంగులేశాం. ఎనిమిది గళ్ళు, మూడు గళ్ళు, మొత్తం పన్నెండింట పదకొండు. ఆ తర్వాత ఆరు లెక్కలు తనే చేసుకుంది, ఒకటి తప్పింది.

చాక్‌పీసు మాస్టారు
అమ్మా, మీ చీటీ మీ దగ్గరే ఉంది, ఊరికే మమ్మల్ని అడిగారు! "కూడితే తగ్గిందేంటి?" అన్న ప్రశ్న నా 31 ఏళ్ళలో క్లాసుకి ఒకరిద్దరు వేసి ఉంటారు, అంతే. హారాలు కూడేయడం ఆరో తరగతిలో సగం మంది చేసే తప్పు. ఎందుకంటే అప్పటిదాకా వాళ్ళు చూసిన అంకెలన్నీ పక్కపక్కన పెట్టి కూడేసేవే. భిన్నం రెండంకెలు కాదు, ఒకే సంఖ్య అన్నది ఇంకా మనసుకెక్కదు. క.సా.గు. వేయమని వందసార్లు చెప్పినా పరీక్ష హాల్లో చెయ్యి పాత దారికే పోతుంది. మీ పాప తప్పు చేయడం కాదు విశేషం, జవాబు రాశాక దాని మొహం చూసింది, తేడా పసిగట్టింది. ఆ అలవాటు హాల్లో ఆమెతో ఉంటే చాలు. చీటీలో అదే రాయండి. "కష్టపడ్డావు" అంటే నమ్మదు, ఈ సంగతి రాస్తే నమ్మి తీరుతుంది. ఎందుకంటే అది జరిగింది.

ఇంకొకటి. చేయాల్సిన పని ఒకటో రెండో చాలు. మీ మొదటి చీటీలో తొందర, ప్రశ్న రెండుసార్లు, చేతిరాత, మూడున్నాయి. పాలు తాగుతూ చదివే పిల్లకి ఒకటే గుర్తుంటుంది.

ఎమ్మే సైకాలజీ
మాస్టారూ, ముందూ తర్వాతా అన్న తేడా నేను నిజంగా గమనించలేదు, థాంక్స్. కానీ ఇంకో దారి కూడా ఉందేమో చూడండి. 2011లో రామిరెజ్, బైలాక్ అనేవాళ్ళు పరీక్షకి ముందు పిల్లల చేతే రాయించారు. ఈ పరీక్ష గురించి లోపల ఏం భయముందో పది నిమిషాలు కాగితం మీద పెట్టమన్నారు. పరీక్షలంటే బాగా భయపడే పిల్లలకి అది ఉపయోగపడింది. అక్క రాసే బదులు పాపనే రాయమంటే?

చాక్‌పీసు మాస్టారు
అది తొమ్మిదో తరగతి పిల్లల సంగతి అనుకుంటాను. ఆరో తరగతి పిల్లని పొద్దున్నే లేపి నీ భయాలు రాయమంటే, రాసేది భయమో లేక ఇంగ్లీష్ కాంపోజిషనో నాకు అనుమానమే. పైగా ఆ పొద్దున అమ్మ పక్కన ఉండదు. ఒకవేళ రాస్తే తర్వాత ఎవరు చదవాలి, ఎవరూ చదవకూడదా? నాకు తెలియదు. ముందు రోజు రాత్రి పడుకునే ముందైతే చేసి చూడొచ్చేమో. నేను ఎప్పుడూ చేయించలేదు.

మస్కట్ నాన్న
ఇద్దరూ పరిశోధనలు చెబుతున్నారు, నా గోడు వేరు. నేను ఇక్కడ, పిల్లలు కరీంనగర్‌లో. ప్రతి పరీక్షకీ వాట్సాప్‌లో రాసి పంపేవాణ్ణి, తెలుగులోనే, ఇంత పొడుగు. పోయిన సెలవుల్లో తెలిసింది, మా చిన్నది తెలుగు కూడబలుక్కుని చదువుతుంది, సగం చదివి వదిలేసేదట. ఇంగ్లీష్ మీడియం పుణ్యం. ఇప్పుడు ఇరవై సెకన్ల వాయిస్ పంపుతున్నా. డ్యూటీ అమ్మగారూ, మీ పాప తెలుగు చదవగలదో లేదో చూసుకోండి.

డ్యూటీ అమ్మ
చదువుతుందండీ, నెమ్మదిగా. పొడుగు వాక్యాలైతే వేలు పెట్టి చదువుతుంది. మంచిమాట చెప్పారు, పెద్ద అక్షరాలతో విడివిడిగా రాస్తాను. ఇదిగో, మళ్ళీ రాశాను.

"చిన్నీ,
ఆదివారం 3/7 చూసి 'కూడితే తగ్గిందేంటి?' అన్నావు. నాకు ఆ ప్రశ్న చాలా నచ్చింది.
ఈ రోజు కూడా జవాబు రాశాక ప్రతి లెక్కనీ అలాగే ఒకసారి చూడు.
రాని లెక్క పక్కన చుక్క పెట్టి ముందుకెళ్ళు. చివర్లో వెనక్కి రా.
సాయంత్రం ఎన్ని మార్కులొస్తాయో అడగను.
– అమ్మ"

చాక్‌పీసు మాస్టారు
బాగా వచ్చింది. రెండు చోట్ల కలం పెడతాను. "ప్రతి లెక్కనీ" వద్దు, 45 నిమిషాల పరీక్షలో ప్రతిదీ చూస్తూ కూర్చుంటే చివరి రెండూ మిగిలిపోతాయి. "భిన్నాలు కూడిన చోట" అనండి, పని చిన్నదవుతుంది. ఇక ఆఖరి వాక్యంలో మార్కులు దొడ్డిదారిన మళ్ళీ వచ్చేశాయి! అడగనని రాసేకంటే, ఏం అడుగుతారో అది రాయండి. "ఏ లెక్క దగ్గర ఎక్కువసేపు ఆగావో సాయంత్రం చెప్పు" అని. అప్పుడు సాయంత్రం మీ ఇద్దరికీ మాట్లాడుకోవడానికి ఒక సంగతి ఉంటుంది.

ఇంకొకటి, ఇది చీటీ బయటి సంగతి. గేటు దగ్గర పాపని ఎవరు తీసుకొస్తారు?

డ్యూటీ అమ్మ
మా అత్తయ్యగారే.

చాక్‌పీసు మాస్టారు
అయితే ఆవిడకి కూడా ఒక చీటీ రాయాలి. గేటు దగ్గర మొదటి ప్రశ్న "ఎన్నొస్తాయే?" అయితే పొద్దున మీరు రాసిందంతా అక్కడే సరి.

డ్యూటీ అమ్మ
ఆవిడకి చీటీ రాయడమా! మాస్టారూ, లెక్కలు చెప్పినంత తేలిక కాదండీ అది.

సిరిమల్లె
అక్కా, మావారితో చెప్పించినట్టు మీవారితో చెప్పించండి. వాళ్ళబ్బాయి మాట వింటారు.

కోదాడ కిరణ్
చుక్క మాట ఒక్కటి. జవాబు పత్రం మీద గుర్తులేవీ పెట్టొద్దని మా పిల్లల బడిలో ఖచ్చితంగా చెబుతారు. ప్రశ్నపత్రం మీద పెట్టమనండి, గొడవుండదు.

*(రెండు రోజుల తర్వాత)*

డ్యూటీ అమ్మ
అందరికీ నమస్కారం. పరీక్ష అయింది. చీటీ మాస్టారు చెప్పినట్టే మార్చి, కిరణ్ గారు చెప్పినట్టు "ప్రశ్నపత్రం మీద" అని కలిపి, పాల గ్లాసు కింద పెట్టి వెళ్ళాను. పాలు కాస్త ఒలికి "చివర్లో వెనక్కి రా" అన్న వాక్యం చెరిగిపోయిందట. అత్తయ్యగారు చదివి వినిపించారు. అలా ఆవిడకీ చేరింది, వేరే చీటీ రాసే పని తప్పింది.

గేటు దగ్గర "ఎన్నొస్తాయి" అని అడగలేదట. "పక్కింటి పిల్ల బాగా రాసిందా?" అని అడిగారట. ఏమనాలో నాకు తెలియలేదు.

సాయంత్రం నేను వచ్చేసరికి పాప ప్రశ్నపత్రం చేత్తో పట్టుకుని గుమ్మంలోనే ఉంది. రెండు చుక్కలున్నాయి. ఒకదానికి వెనక్కొచ్చి చేసిందట, రెండోదానికి టైం చాల్లేదట. ఎక్కువసేపు ఆగింది 5/6 – 3/8 దగ్గర. తీసివేత కదా, అంకెలు చిన్నవయ్యాయి, తగ్గిందని సరే అనుకుని వదిలేసిందట. తర్వాత "తగ్గాలి సరే, ఎంత తగ్గాలి?" అని సందేహం వచ్చిందట. జవాబు 2/2 అని రాసిందట మొదట. అంటే ఒకటి! తీసేస్తే పెరిగింది. మళ్ళీ కొట్టేసి చేసింది. సరిగ్గా వచ్చిందో లేదో ఇంకా ఇద్దరం చూడలేదు, అన్నం తిన్నాక కూర్చుంటాం.

చాక్‌పీసు మాస్టారు
24 గళ్ళ పట్టీ గీయండమ్మా. ఇరవై గళ్ళకి రంగేసి, తొమ్మిది చెరిపేయమనండి. జవాబు నేను చెప్పను.

రావుగారు
సెలవు మంజూరైందాండీ?